సమాసాన్ని చివరి నుంచి విప్పుదాం



ఇవాళ ప్రబంధాల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ప్రబంధాలన్నిటి గురించీ కాదు. వాటిని తెరిచిన పాఠకుణ్ణి మొదటి పేజీలోనే ఆపేసే ఒక ఇబ్బంది గురించి. ఆ ఇబ్బంది పేరు సమాసం. నాలుగైదు మాటలు ఒకదానికొకటి అతుక్కుని ఒకే మాటలా ఎదురవుతాయి. ఎక్కడ ఆగాలో తెలియదు. ఎక్కడ విరవాలో తెలియదు. దానికి తోడు శ్లేష. ఒక అర్థం చిక్కిందనుకునేలోపు ఇంకో అర్థం కూడా ఉందంటారు. దాంతో చాలామంది పుస్తకం మూసేస్తారు. ఇది పండితులకు రాసింది, మనకు కాదు అనుకుంటారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సమాసాన్ని ముందు నుంచి విప్పబోతే చిక్కు పడుతుంది. చివరి నుంచి విప్పితే వస్తుంది. ముందు చివరి మాటను పట్టుకోవాలి. అక్కడి నుంచి ఎవరిది, దేనిది, ఎలాంటిది అని ఒక్కొక్క ప్రశ్న అడుగుతూ వెనక్కి రావాలి. ఈ పని అలవాటైతే శ్లేష కూడా చాలావరకు లొంగుతుంది. ఎందుకంటే శ్లేషలో పెద్ద భాగం, అదే మాటను ఇంకోచోట విరవడమే.

ఇది కొత్తగా నేర్చుకోవలసిన విద్య కాదు. తెలుగు మాట్లాడేవాళ్లంతా రోజూ చేసే పనే. బీసెంట్ రోడ్డు బట్టల కొట్టు యజమాని కొడుకు పెళ్లి పందిరి అన్నారనుకోండి. ఎవరూ తడబడరు. ఇంతకీ అది ఏమిటి? పందిరి. దేనికి వేసిన పందిరి? పెళ్లికి. ఎవరి పెళ్లి? కొడుకుది. ఎవరి కొడుకు? యజమాని కొడుకు. దేనికి యజమాని? కొట్టుకు. ఏ కొట్టు? బట్టల కొట్టు. ఎక్కడి కొట్టు? బీసెంట్ రోడ్డులోది. చూడండి, అసలు వస్తువు చివర ఉంది. మిగతావన్నీ దాని ముందు వరసగా నిలబడి, ఒక్కొక్క ప్రశ్నకు జవాబు చెబుతున్నాయి. సంస్కృత సమాసం కూడా చాలావరకు ఈ వరసలోనే నడుస్తుంది. అసలు మాట చివర. దాని వివరాలు ముందు. అంటే మన నోటికి ఈ నడక అలవాటే. అలవాటు లేనివి రెండే. ఒకటి, అందులోని విడి మాటలు. రెండు, అవి అతుక్కున్న చోటు. ఈ రెండిటినీ ఇప్పుడు ఒక నిజమైన ఉదాహరణలో చూద్దాం.

ఆ ఉదాహరణ కోసం దూరం వెళ్లక్కర్లేదు. విజయవాడ నుంచి కృష్ణ ఒడ్డు వెంబడి దిగువకు వెళితే ఘంటసాల మండలంలో శ్రీకాకుళం అనే ఊరు ఉంది. ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం కాదు. ఇది కృష్ణాతీరంలోని శ్రీకాకుళం. అక్కడ ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉంది. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని పాలించాడు. ఆయన రాసిన ఆముక్తమాల్యద మొదట్లోనే ఈ ప్రాంతం కనిపిస్తుంది. కళింగం మీద దండెత్తి వెళ్లినప్పుడు విజయవాడలో కొన్నాళ్లు ఉన్నానని, అక్కడి నుంచి శ్రీకాకుళం వెళ్లి స్వామిని సేవించి, ఏకాదశినాడు ఉపవాసం ఉన్నానని ఆయనే చెప్పుకున్నాడు. ఆ రాత్రి నాలుగో జామున ఆంధ్ర విష్ణువు కలలో కనిపించాడట. తెలుగులో ఒక కావ్యం చెప్పమని అడిగాడట. ఆ కావ్యమే ఆముక్తమాల్యద. ఈ సంగతంతా ఆయన ఒక వచనంలో చెప్పాడు. ఆ వచనంలో విజయవాడ పేరు విజయవాటి. కథ ఇంత సులువుగా ఉంది కదా. కానీ చదవబోతే సమాసాలు అడ్డు నిలుస్తాయి. అందులోంచి మూడే మూడు మాటలు తీసుకుందాం.

మొదటి మాట హరివాసరోపవాసం. మళ్లీ వినండి. హరివాసరోపవాసం. దీన్ని ముందు నుంచి చదివితే హరి అనగానే మనసు దేవుడి మీదికి పోతుంది. ఆ తరువాతి అక్షరాలన్నీ కలగాపులగంగా వినిపిస్తాయి. కాబట్టి చివర పట్టుకుందాం. చివర ఏముంది? ఉపవాసం. అది మనకు తెలిసిన మాటే. సరే, ఇది ఒక ఉపవాసం. ఎప్పటి ఉపవాసం? దాని ముందున్నది వాసరం. వాసరం అంటే రోజు. భానువాసరం, సోమవాసరం అని పంచాంగంలో వింటూనే ఉంటాం. ఎవరి రోజు? హరి రోజు. హరికి ప్రత్యేకమైన రోజు ఏకాదశి. కాబట్టి హరివాసరోపవాసం అంటే ఏకాదశి ఉపవాసం. మరి వాసరం, ఉపవాసం అనే రెండు మాటలూ మొదట మనకు ఎందుకు కనిపించలేదు? అతుకు దగ్గర ఓ అనే దీర్ఘం వచ్చి కూర్చుంది. వాసర, ఉపవాసం. చివరి అకారమూ, తరువాతి ఉకారమూ కలిసి ఓ అయ్యాయి. సూర్య, ఉదయం కలిసి సూర్యోదయం అయినట్టే. అందుకని సమాసం మధ్యలో ఓ గానీ, ఏ గానీ, ఆ గానీ దీర్ఘంగా వినిపిస్తే అక్కడ కాస్త ఆగండి. అతుకు అక్కడ ఉండే అవకాశం ఎక్కువ. గ్రంథాలయంలో ఆ. పరమేశ్వరుడిలో ఏ. సూర్యోదయంలో ఓ. ప్రతి దీర్ఘమూ అతుకు కాదు. హరివాసరోపవాసంలోనే వాసరంలో ఒక ఆ ఉంది, ఉపవాసంలో ఒక ఆ ఉంది. అక్కడ విరిస్తే మిగిలే ముక్కలకు అర్థం రాదు. అదే పరీక్ష. విరిచిన తరువాత రెండు పక్కలా అర్థమున్న మాటలు మిగలాలి. మిగలకపోతే మనం తప్పు చోట విరిచామన్నమాట.

రెండో మాట శ్రీకాకుళనికేతనుడు. చివర నికేతనం ఉంది. నికేతనం అంటే ఇల్లు, నివాసం. ఎక్కడి నివాసం? శ్రీకాకుళంలోది. అంటే శ్రీకాకుళంలోని ఇల్లు అని అర్థమా? ఇక్కడే చాలామంది పొరపడతారు. చివరి అక్షరాలు జాగ్రత్తగా వినండి. కవి నికేతనం అనలేదు. నికేతనుడు అన్నాడు. ఇల్లు మనిషి కాదు కదా, డు ఎందుకు వచ్చింది? ఆ డు మనకు ఒక గుర్తు. ఈ సమాసం చెబుతున్నది ఇంటి గురించి కాదు, ఆ ఇల్లు ఉన్నవాడి గురించి. శ్రీకాకుళం నివాసంగా కలవాడు అని అర్థం. వ్యాకరణంలో దీన్ని బహువ్రీహి అంటారు. పేరు గుర్తు లేకపోయినా నష్టం లేదు. సంగతి గుర్తుంటే చాలు. పీతాంబరం అంటే పసుపుపచ్చని బట్ట. పీతాంబరుడు అంటే ఆ బట్ట కట్టుకున్నవాడు, విష్ణువు. బట్ట బట్టగానే ఉంది. డు రాగానే మాట మనిషి మీదికి పోయింది. కాబట్టి చివరి మాట వస్తువు పేరై, దానికి మనిషిని సూచించే ప్రత్యయం తగిలితే, కలవాడు అని చివర చేర్చుకుని చూడండి. అర్థం కుదురుతుంది. ఈ గుర్తు అన్నిచోట్లా ఉండదు. చక్రపాణి అన్న మాటలో డు లేదు. పాణి అంటే చేయి. అయినా అది చేతి గురించి కాదు, చేతిలో చక్రం కలవాడి గురించి. అలాంటిచోట వాక్యం చెప్పాలి. క్రియ ఎవరు చేస్తున్నారో చూస్తే తెలిసిపోతుంది. చక్రపాణి నవ్వాడు అంటే నవ్వింది చేయి కాదు కదా.

మూడో మాట ఆంధ్రమధుమథనుడు. చివర మథనుడు. మథించినవాడు, అణచివేసినవాడు. దేన్ని? ముందున్నది మధు. మధు అంటే తేనె అని మనకు తెలుసు. తేనెను మథించడం ఏమిటి? అర్థం కుదరలేదు. కుదరకపోతే ఆ మాటకు ఇంకో అర్థం ఉందేమో చూడాలి. మధువు అనే రాక్షసుడు ఉన్నాడు. అతణ్ణి చంపినవాడు విష్ణువు. అందుకే మధుమథనుడు. ఇక మిగిలింది ఆంధ్ర. ఇప్పుడు ఒక ప్రశ్న. ఆంధ్ర అన్నది మధువుకు తగులుతుందా, మధుమథనుడికి తగులుతుందా? ఆంధ్రదేశపు మధువు అనే రాక్షసుణ్ణి చంపినవాడు అంటే పొసగదు. మధువును చంపిన విష్ణువు, ఆంధ్రదేశంలో వెలసిన విష్ణువు అంటే పొసగుతుంది. అంటే ముందు మధు, మథనుడు జతకట్టాలి. ఆ జతకు ఆంధ్ర తగలాలి. పెద్ద సమాసాల్లో అర్థం చెడేది ఎక్కువగా ఇక్కడే. మాటలన్నీ తెలుస్తాయి. ఏది దేనితో జతకట్టిందో తెలియదు. చివరి నుంచి వచ్చినవాళ్లకు ఈ పొరపాటు తక్కువ. ఎందుకంటే వాళ్లు చివరి జతను ముందు కట్టి, ఆ తరువాతే ముందున్న మాటను ముట్టుకుంటారు. ఈ మూడు మాటలూ విప్పేసరికి ఆ వచనంలో ఏమి మిగిలింది? శ్రీకాకుళంలో ఉండే ఆంధ్ర విష్ణువు దగ్గర రాజు ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. అంతే. ఇది పాండిత్యం వెనక దాక్కున్న రహస్యం కాదు. నదీతీరంలో ఒక రాజు చేసిన వ్రతం.

ఇప్పుడు కావ్యం పేరు చూద్దాం. ఆముక్తమాల్యద. చివర ఒకే ఒక్క అక్షరం ఉంది. ద. ద అంటే ఇచ్చేది. ఏమి ఇచ్చేది? మాల్యం. మాల్యం అంటే పూలదండ. ఎలాంటి దండ? ఆముక్తమైన దండ. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ముక్తం అంటే విడిచినది. ముక్తి, విముక్తి మనకు తెలిసినవే. అందుకని ఆముక్తం అనగానే విడిచిన దండ అనుకుంటాం. కానీ ముందు ఆ అనే ఉపసర్గ చేరింది. ఆముక్తం అంటే ధరించినది. కాబట్టి ఆముక్తమాల్యద అంటే తాను ధరించిన దండను ఇచ్చేది. ఆమె శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడి పెంపుడు కూతురు గోదాదేవి. తండ్రి స్వామి కోసం కట్టిన దండను ముందు తాను వేసుకుని చూసుకుని, ఆ తరువాత స్వామికి పంపేది. తమిళంలో ఆమెకు చూడిక్కొడుత్త నాచ్చియార్ అని పేరు. ఆ పేరునే రాయలు సంస్కృత సమాసంలో పెట్టాడు. కథ మొత్తానికి కీలకమైన పని ఆ ఒక్క పేరులో ఉంది. వేసుకోవడం, ఇవ్వడం. మధ్యలో దండ. ఉపసర్గను పట్టించుకోకపోతే వేసుకోవడం కాస్తా విడిచిపెట్టడం అవుతుంది. మాట తలకిందులైతే కథ కూడా తలకిందులవుతుంది. కాబట్టి చివరి నుంచి వచ్చినా, మొదటి అక్షరం దాకా రావాలి. మధ్యలో ఆగకూడదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అది న్యాయమైన అభ్యంతరమే. విప్పడం సరే, విడి మాటలు తెలియాలి కదా, దానికి సంస్కృతం చదవాలి కదా అంటారు. కొంత చదవాలి. కానీ అనుకున్నంత కాదు. ప్రబంధాల్లో మాటలు లెక్కకు ఎక్కువ కనిపిస్తాయి గానీ, అవి కొద్దిపాటి ముక్కలతో తయారైనవే. నీటిని తీసుకోండి. నీటికి జలం, నీరం, వారి, అంబు అని పేర్లున్నాయి. ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి. వీటికి చివర జ చేర్చండి. జ అంటే పుట్టినది. జలజ, నీరజ, వారిజ, అంబుజ. నీటిలో పుట్టినది తామర. ఇవి మన ఇళ్లలో ఆడవాళ్ల పేర్లే. ఇప్పుడు చివర ద చేర్చండి. ఆముక్తమాల్యదలో చూసిన ద. ఇచ్చేది. జలదం, నీరదం, వారిదం, అంబుదం. నీటిని ఇచ్చేది మేఘం. ఇప్పుడు ధి చేర్చండి. ఇది వత్తు ధ. నిలువ ఉండే చోటు అని అర్థం. జలధి, నీరధి, వారిధి, అంబుధి. నీరు నిలువ ఉండే చోటు సముద్రం. నాలుగు మాటలు, మూడు చివరలు. పన్నెండు మాటలు చేతికి వచ్చాయి. పన్నెండిటికీ నిఘంటువు తెరవక్కర్లేదు. చివర జ ఉంటే తామర. ద ఉంటే మేఘం. ధి ఉంటే సముద్రం.

కానీ చెవి జాగ్రత్తగా ఉండాలి. వత్తు పోతే మేఘం, సముద్రం కలిసిపోతాయి. గుడి పోతే ఇంకో చిక్కు. విజయవాడలో కనకదుర్గ వారధి ఉంది. అక్కడ వారధి అంటే వంతెన. వారిధి అంటే సముద్రం. ఒక్క గుడి తేడా. ఈ పద్ధతికి ఇంకో హద్దు కూడా ఉంది. నీటిలో పుట్టేది తామర ఒక్కటే కాదు. చేప కూడా నీటిలోనే పుడుతుంది. అయినా జలజ అనగానే తామర అనే తీసుకుంటాం. అది లోకంలో స్థిరపడిన వాడుక. విప్పితే వచ్చే అర్థం మనల్ని గుమ్మం దాకా తీసుకువెళుతుంది. లోపలున్నది ఏదో చెప్పేది వాడుక. అందుకే నిఘంటువు వద్దని నేను అనడం లేదు. ముందు విప్పండి, ఊహించండి, ఆ తరువాత నిఘంటువులో సరిచూసుకోండి అంటున్నాను. ఈ వరసలో చేస్తే చూసిన మాట గుర్తుంటుంది. రాబోయే పది మాటలకు పనికొస్తుంది.

ఇప్పుడు శ్లేష దగ్గరికి వద్దాం. శ్లేష అంటే ఒకే మాటలో రెండు అర్థాలు పొందించడం. అది రెండు రకాలు. మాటను విరవకుండానే రెండు అర్థాలు వస్తే అభంగ శ్లేష. మాటను రెండు చోట్ల రెండు రకాలుగా విరిస్తే సభంగ శ్లేష. పండగనాడు గుమ్మానికి మావిడాకులు కడతాం. మావిడి ఆకులు అని విరిస్తే తోరణం. మా విడాకులు అని విరిస్తే కోర్టు వ్యవహారం. అక్షరాలు అవే. విరిచిన చోటు మారింది. తెలుగువాళ్లు ఈ మాట మీద ఎన్నోసార్లు నవ్వుకున్నారు. ఆ పేరుతో సినిమా కూడా వచ్చింది. దాన్ని ఎవరూ పండితుణ్ణి అడిగి అర్థం చేసుకోలేదు. ప్రబంధ కవి చేసింది కూడా ఇదే పని. కాకపోతే ఆయన వాక్యం మొత్తాన్ని రెండు అర్థాల్లోనూ నిలబెట్టాడు.

అలంకార శాస్త్రం రాసినవాళ్లు ఎప్పటి నుంచో వాడుతున్న సామగ్రితోనే ఒక చిన్న వాక్యం కట్టుకుందాం. మృదుకరుడైన రాజు కువలయానికి ఆనందం కలిగించాడు. మళ్లీ చెబుతాను. మృదుకరుడైన రాజు కువలయానికి ఆనందం కలిగించాడు. ఇందులో మూడు మాటలు చూడాలి. మొదటిది రాజు. రాజు అంటే పాలకుడు. సంస్కృతంలో ఆ మాటకు చంద్రుడు అనే అర్థం కూడా ఉంది. రెండోది మృదుకరుడు. చివర చూడండి. కరం, దానికి డు. అంటే కలవాడు. మృదువైన కరాలు కలవాడు. కరం అంటే చేయి, కిరణం, పన్ను. అమరకోశం ఈ మూడు అర్థాలనూ ఒకేచోట చెబుతుంది. చంద్రుడికైతే చల్లని కిరణాలు. పాలకుడికైతే తేలికపాటి పన్నులు. ఈ రెండు మాటలూ విరవకుండానే రెండు అర్థాలు ఇచ్చాయి. మూడోది కువలయం. విరవకుండా చూస్తే కలువ. కు, వలయం అని విరిస్తే ఏమవుతుంది? కు అంటే భూమి. వలయం అంటే చుట్టు. భూవలయం, అంటే లోకం. ఇప్పుడు వాక్యం రెండుసార్లు చదవండి. చల్లని కిరణాల చంద్రుడు కలువలకు ఆనందం కలిగించాడు. ఇది ఒక అర్థం. తేలికపాటి పన్నుల ప్రభువు లోకానికి ఆనందం కలిగించాడు. ఇది రెండో అర్థం. దండి తన కావ్యాదర్శంలో శ్లేషకు ఇచ్చిన ఉదాహరణ కూడా ఈ రాజు, చంద్రుడు అనే జంట మీదే నడుస్తుంది. అప్పయ్య దీక్షితులు తన అలంకార గ్రంథానికి కువలయానందం అని పేరు పెట్టడంలోనూ ఈ కలువ, ఈ వెన్నెల ఉన్నాయి. ఎందుకంటే దానికి ఆధారమైన పాత గ్రంథం పేరు చంద్రాలోకం. చంద్రుడి వెలుగుకు కలువ ఆనందించడం ఆ పేరులోని చమత్కారం.

ఇక్కడ రెండో అభ్యంతరం. ఇలా విరుచుకుంటూ పోతే ప్రతి మాటలోనూ ఏదో ఒక రెండో అర్థం దొరుకుతుంది కదా, కవి అనుకోనిది కూడా మనం అంటగట్టమా అని. అంటగట్టే ప్రమాదం ఉంది. అందుకే రెండు పరీక్షలు పెట్టుకోవాలి. మొదటి పరీక్ష, రెండో అర్థం వాక్యం చివరిదాకా నడవాలి. కువలయం లోకం అయితే కరం పన్ను కావాలి, రాజు పాలకుడు కావాలి. ఒక్క మాట దగ్గర మాత్రమే రెండో అర్థం వచ్చి, మిగతా మాటలు దానికి సహకరించకపోతే అది శ్లేష కాదు, మన ఊహ. రెండో పరీక్ష, ఆ రెండో విషయానికి సందర్భంలో చోటుండాలి. రాజును పొగిడే చోట చంద్రుడు రావడం సహజం. కవే ముందుగా చెబితే ఇక అనుమానమే లేదు. పదహారో శతాబ్దపు కవి పింగళి సూరన అలాగే చేశాడు. ఆయన కావ్యం పేరు రాఘవపాండవీయం. చివర ఈయం. సంబంధించినది అని అర్థం. ఎవరికి సంబంధించినది? రాఘవులకు, పాండవులకు. పేరులోనే రెండు కథలు ఉన్నాయని ఒప్పుకున్నాడు. కావ్యం పొడవునా ఒకే పద్యం రామాయణంగానూ భారతంగానూ చదవడానికి వీలుగా నడుస్తుంది. అలాంటి పద్యాన్ని చదివేటప్పుడు ఒక జాగ్రత్త పాటించాలి. రెండు కథలనూ ఒకేసారి వెతకకూడదు. ముందు రాముడి కథలో నిలబడి పద్యం మొత్తం పూర్తి చేయండి. ఆ తరువాత మొదటికి వచ్చి పాండవుల కథలో నిలబడి మళ్లీ పూర్తి చేయండి. మధ్యలో దాటితే రెండూ చెడతాయి.

మూడో అభ్యంతరం కొంచెం గట్టిది. ఇలా విప్పితే అందం పోదా? ముక్కలు చేసిన తరువాత పద్యం ఎక్కడ ఉంటుంది? ఈ మాటలో నిజం ఉంది. విప్పిన సమాసం పద్యం కాదు. కానీ విప్పడం చివరి పని కాదు. ఒక పద్యాన్ని రెండుసార్లు చదవాలి. మొదటిసారి చివరి నుంచి. అది అర్థం కోసం. రెండోసారి ముందు నుంచి. అది రసం కోసం. కవి అసలు మాటను చివరిదాకా ఆపి ఉంచాడు కదా. శ్రోత ఎదురుచూడాలనే ఆపాడు. ఆముక్త అనగానే ఏదో ధరించినది అని తెలుస్తుంది. మాల్య అనగానే దండ అని తెలుస్తుంది. ద అనగానే ఆమె దాన్ని ఇచ్చేసిందని తెలుస్తుంది. ముందు వేసుకుంది, ఆ తరువాత ఇచ్చింది. మాటల వరస, పని జరిగిన వరస ఒకటే. ఈ అందం చివరి నుంచి చదివినప్పుడు కనిపించదు. అర్థం తెలిశాక ముందు నుంచి చదివినప్పుడే కనిపిస్తుంది. అర్థం తెలియకుండా ముందు నుంచి ఎన్నిసార్లు చదివినా కనిపించదు. కాబట్టి విప్పడం అందానికి శత్రువు కాదు. రెండోసారి చదవకుండా వదిలేయడమే శత్రువు.

ఇంకా ఒకరు అనవచ్చు. ఇవన్నీ ఆస్థానంలో మెప్పు కోసం కట్టిన మాటలే కదా అని. కొన్ని అలాంటివే. ప్రబంధాల్లో పాండిత్యం చూపడానికే కట్టిన సమాసాలు ఉన్నాయి. వాటికీ మంచి సమాసానికీ తేడా కనిపెట్టడం కష్టం కాదు. ఒక ముక్క తీసేసి చూడండి. హరివాసరోపవాసంలో హరి తీసేస్తే ఏ రోజో తెలియదు. ఉపవాసం తీసేస్తే వ్రతం సంగతి తెలియదు. ప్రతి ముక్కా ఒక పని చేస్తోంది. ఒక ముక్క తీసేసినా అర్థం తరగకపోతే, ధ్వనిలోనూ లోటు రాకపోతే, అది కేవలం అలంకారం కోసం పెట్టింది. అలాంటిది దాటిపోతే తప్పు లేదు. కానీ ఆ పేరు చెప్పి మొత్తాన్నీ దాటిపోతే పోగొట్టుకునేది చాలా ఉంది. ఆముక్తమాల్యదలో ఎండాకాలం ఉంది, వానాకాలం ఉంది, పొలం పనులు ఉన్నాయి. విష్ణుచిత్తుడు ఏ కాలంలో అతిథులకు ఏమి వండించి పెట్టాడో ఉంది. ఇవన్నీ రాజసభ గోడల అవతలి సంగతులు. ఆ సంగతులు కూడా సమాసాల వెనకే ఉన్నాయి.

మరి ఎలా మొదలుపెట్టాలి? వ్యాఖ్యానం ఉన్న ప్రతి తెచ్చుకోండి. ఆముక్తమాల్యదకు వేదం వేంకటరాయశాస్త్రి గారి సంజీవనీ వ్యాఖ్య ఉంది. వ్యాఖ్యానాల్లో మామూలుగా పద్యం, ప్రతిపదార్థం, తాత్పర్యం ఉంటాయి. మనలో చాలామంది నేరుగా తాత్పర్యానికి పోతారు. అలా పోతే కథ తెలుస్తుంది, పద్యం తెలియదు. వరస మార్చండి. ముందు పద్యంలో ఒక్క పెద్ద సమాసం ఎంచుకోండి. చివరి మాట పట్టుకోండి. ప్రశ్నలు అడుగుతూ మొదటి అక్షరం దాకా రండి. ఒక కాగితం మీద మీ అర్థం రాసుకోండి. అప్పుడు ప్రతిపదార్థం చూడండి. మీరు ఎక్కడ తప్పు విరిచారో, ఏ మాటకు తప్పు అర్థం తీసుకున్నారో తెలుస్తుంది. తాత్పర్యం ఆఖరున చూడండి. ఒక రోజుకు ఒక్క సమాసం చాలు. ఎక్కువ పెట్టుకుంటే విసుగు వస్తుంది.

చివరగా ఒక్క పేరు కలిసి విప్పుదాం. ఈసారి ప్రశ్న నేను అడుగుతాను, జవాబు మీరు అనుకోండి. సూరన రాసిన మరో కావ్యం కళాపూర్ణోదయం. ఇందులో అతుకు దాచిన దీర్ఘం ఏది? ఓ. దాన్ని విప్పితే చివర ఏమి వచ్చింది? ఉదయం. ఎవరి ఉదయం? కళాపూర్ణుడిది. కళాపూర్ణుడు అంటే కళలతో నిండినవాడు. ఆ కావ్యంలో ఒక రాజు పేరు అది. ఉదయం అంటే ఇక్కడ పుట్టుక. కళాపూర్ణుడి పుట్టుక, ఇది ఒక అర్థం. ఇప్పుడు కళ అనే మాటకు ఇంకో అర్థం వెతకండి. చంద్రుడికి కళలు ఉంటాయి. పదహారు కళలు నిండితే పున్నమి. కళలతో నిండినవాడు అంటే పున్నమి చంద్రుడు. ఉదయం అంటే ఉదయించడం. పున్నమి చంద్రుడి ఉదయం, ఇది రెండో అర్థం. ఇప్పుడు పరీక్ష పెట్టండి. రెండో అర్థం చివరిదాకా నడిచిందా? నడిచింది. సందర్భంలో చోటుందా? రాజును చంద్రుడితో పోల్చడం ఆ కవులకు సహజమే. కాబట్టి ఇది మన ఊహ కాదు, సూరన ఉద్దేశించిందే అనుకోవచ్చు. ఒకే మాటలో సమాసమూ ఉంది, శ్లేషా ఉంది. రెండిటికీ వాడింది ఒకే పద్ధతి. చివరి మాట, వెనక్కి ప్రశ్నలు, ఆఖరున పరీక్ష. ఈ మూడూ చేతిలో ఉంటే సమాసం పొడవు చూసి ప్రబంధం మూసేయవలసిన అవసరం ఇక ఉండదు.